‘పంపగలరు’ నుంచి ‘చెల్లించాలి’ దాకా

బాకీ వసూలు కోసం చిన్న వ్యాపారులు రాసే ఉత్తరాలు ఎక్కువగా రెండే రకాలు. ఒకటి బతిమాలేది, రెండోది తిట్టేది. మూడు నెలలపాటు ‘సార్, కొంచెం మా బిల్లు చూడండి సార్’ అని వాట్సాప్‌లో దండాలు పెడతారు. నాలుగో నెలలో ఓపిక నశించి, ఏ రాత్రి పదకొండింటికో ‘మీరు మమ్మల్ని మోసం చేశారు, మీ సంగతి తేలుస్తాం’ అని పంపేస్తారు. మొదటి రకం చదివిన పార్టీకి తొందర పుట్టదు. రెండో రకం చదివిన పార్టీ దాన్ని దాచుకుని, అవసరమైన రోజున లాయరుకు చూపిస్తుంది.

ఈ రెంటికీ మధ్య నాలుగైదు మెట్లున్నాయి. ఒక్కో మెట్టు మీద ఉత్తరం గొంతు మారుతుంది. మారేది కోపం పాళ్లు కాదు. తప్పు ఎక్కడ జరిగిందని ఉత్తరం అనుకుంటోంది, ఎవరి పేరుతో వెళ్తోంది, ఏం అడుగుతోంది అన్నవి మారతాయి. ఇంకో సంగతి కూడా ఉంది. ఇలాంటి ఉత్తరాన్ని చదివేవాళ్లు ఇద్దరు. ఇవాళ చదివేది పార్టీ అకౌంట్స్ సెక్షన్. వ్యవహారం ముదిరితే ఏడాది తర్వాత, ఇరుపక్షాల గురించీ ఏమీ తెలియని ఒక అధికారి ఆ కాగితాలన్నీ వరుసగా పేర్చుకుని చదువుతారు. రాసే ప్రతి వాక్యం ఆ ఇద్దరికీ సరిపోవాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్ చర్లపల్లిలో అట్టపెట్టెలు చేసే చిన్న యూనిట్ ఒకటుంది. నడిపేది ఒకావిడ. కాటేదాన్‌లోని మసాలాల కంపెనీ ఒకటి 12,000 పెట్టెలకు ఆర్డరిచ్చింది. 2024 జూన్ 3న సరుకు వెళ్లింది, అదే రోజు బిల్లూ వెళ్లింది. జీఎస్టీతో కలిపి 4,20,000 రూపాయలు. పర్చేజ్ ఆర్డరులో 30 రోజుల క్రెడిట్ అని రాసి ఉంది కాబట్టి డబ్బు జులై 3కల్లా రావాలి. యూనిట్, కంపెనీ రెండూ కల్పితమే. కానీ ఇందులో వచ్చే చట్టం, వడ్డీ రేటు, తేదీల లెక్క అసలైనవే.

మొదటి ఉత్తరం గడువుకు ముందే వెళ్తుంది. దాన్ని రిమైండర్ అనడం కూడా సరికాదు. జూన్ 28న యూనిట్ యజమానురాలు కంపెనీ అకౌంట్స్‌లో బిల్లులు చూసే ఉద్యోగికి మెయిల్ పెట్టారు:

‘జూన్ 3 నాటి మా బిల్లు మీ లెడ్జర్‌లో ఎక్కిందో లేదో ఒకసారి చూసి చెప్పగలరు. సరుకు అందినట్టు మీ స్టోర్ వారు సంతకం చేసిన చలాన్ జతచేశాం. బిల్లు విషయంలో మా నుంచి ఏ కాగితమైనా కావాలంటే ఇవాళే పంపుతాం.’

ఇందులో డబ్బు అన్న మాటే లేదు. కారణం ఉంది. ఆలస్యమయ్యే బిల్లుల్లో చాలా వాటి వెనక దురుద్దేశం ఉండదు, కాగితం ఎక్కడో ఆగి ఉంటుంది. బిల్లు మీద పీవో నంబరు పడలేదు. స్టోర్ వాళ్లు సరుకు దించుకున్నారు గానీ గూడ్స్ రిసీట్ నోట్, అంటే వాళ్ల భాషలో జీఆర్ఎన్, వేయలేదు. లేదా సరఫరాదారు జీఎస్టీ రిటర్ను ఇంకా దాఖలు కాకపోవడంతో బిల్లు కొనుగోలుదారు జీఎస్టీఆర్-2బీలో కనబడలేదు. జూన్ బిల్లును సరఫరాదారు తన రిటర్నులో చూపేది జులై రెండో వారంలో. అందుకే జులై 3న ఫోన్ చేస్తే ‘మేడమ్, మీ బిల్లు 2బీలో రాలేదు’ అన్న జవాబు రావచ్చు. అది సాకు కాదు, నిజమే అయి ఉండొచ్చు. ఇలాంటి చిక్కులు గడువుకు ముందే బయటపడితే ‘మేం అడిగాం, మీరు చెప్పలేదు’ అన్న వాదన తర్వాత తలెత్తదు.

జులై 3 వచ్చింది, వెళ్లింది. డబ్బు రాలేదు. జులై 8న రెండో మెయిల్, అదే ఉద్యోగికి:

‘జూన్ 3 నాటి బిల్లు, రూ. 4,20,000, జులై 3కి చెల్లించాల్సింది. మాకు ఇంకా అందలేదు. ఇప్పటికే పంపి ఉంటే యూటీఆర్ నంబరు తెలియజేయగలరు. లేకపోతే ఈ వారం చెల్లింపుల్లో చేర్చగలరు.’

పని ఒత్తిడిలో మరిచిపోయారని ఈ ఉత్తరం అనుకుంటోంది. లేదా అలా అనుకుంటున్నట్టు నటిస్తోంది. ఆ మర్యాద ఆ ఉద్యోగికి ముఖ్యం. వారం వారం పోయే చెల్లింపుల జాబితా తయారుచేసేది ఆ మనిషే. పై వాళ్ల దగ్గర తన తప్పుగా కనబడకుండా బిల్లును జాబితాలో పెట్టుకునే దారి ఆ మనిషికి దొరకాలి. ‘ఇప్పటికే పంపి ఉంటే’ అన్న ముక్క ఆ దారిని తెరుస్తుంది.

ఈ దశలో వడ్డీ, చట్టం అన్న మాటలు రాకూడదు. మా పరిస్థితి బాగాలేదు, జీతాలివ్వాలి, బ్యాంకు కిస్తీ ఉంది అన్న మాటలూ రాకూడదు. ఇక్కడే చాలామంది జారిపోతారు. జీతాలివ్వాలి కాబట్టి డబ్బు పంపండి అంటే సరుకు ధర కాస్తా సహాయంగా మారిపోతుంది. సహాయం చేయడానికి ఎవరికైనా వీలు చూసుకునే హక్కుంటుంది.

తెలుగులో ఉత్తరం గొంతు తెలిసిపోయేది క్రియ చివర. మొదటి రెండు ఉత్తరాల్లో క్రియలన్నీ ‘గలరు’తో ముగిశాయి: చెప్పగలరు, తెలియజేయగలరు, చేర్చగలరు. అది ఎదుటివారికి ఎంపిక ఇచ్చే మర్యాద. తర్వాతి మెట్టులో అది ‘చెప్పండి’, ‘తెలియజేయండి’ అవుతుంది. ఆ పై మెట్టులో ‘చెల్లించాలి’ అవుతుంది. వాక్యంలో కర్త కూడా అలాగే జరుగుతూ వస్తుంది. మొదట ‘బిల్లు ఎక్కిందో లేదో’, ఆ తర్వాత ‘డబ్బు అందలేదు’, చివరికి ‘మీ కంపెనీ చెల్లించలేదు’. కాగితం నుంచి డబ్బుకు, డబ్బు నుంచి మనిషికి. చాలా యూనిట్లలో ఉత్తరం ఇంగ్లిషులో వెళ్తుంది, ఫోన్ మాత్రం తెలుగులో జరుగుతుంది. ఫోన్‌లోనూ ఇదే వరుస పాటిస్తే రెండూ ఒకే మాట చెబుతాయి. ఉత్తరంలో కఠినంగా ఉండి, ఫోన్‌లో ‘మీ వీలు చూసి వేయండి సార్’ అంటే పార్టీ నమ్మేది ఫోన్‌నే.

మూడో ఉత్తరం జులై 22న వెళ్లింది. ఆ తేదీ కావాలని ఎంచుకున్నదే. 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు తీసుకున్నవారు రాతపూర్వకంగా ఒప్పుకున్న గడువులోగా డబ్బు చెల్లించాలి. ఆ గడువు ఎంత రాసుకున్నా 45 రోజులకు మించకూడదు. గడువేదీ రాసుకోకపోతే 15 రోజులే. సరుకు జూన్ 3న అందింది కాబట్టి జులై 18తో 45 రోజులూ నిండాయి. నాలుగు రోజుల తర్వాత వెళ్లిన ఈ ఉత్తరం అకౌంట్స్ ఉద్యోగికే వెళ్లింది, కాపీ మాత్రం పర్చేజ్ మేనేజర్‌కు. ఆర్డరిచ్చిన మనిషి మొదటిసారి ఈ వ్యవహారంలోకి వచ్చాడు.

‘ఈ బిల్లు గురించి జూన్ 28న, జులై 8న రాశాం. జవాబు రాలేదు. చెల్లింపు ఏ తేదీన జరుగుతుందో జులై 29లోగా చెప్పండి. సరుకు మీదగానీ బిల్లు మీదగానీ అభ్యంతరం ఉంటే అదే తేదీలోగా రాతపూర్వకంగా తెలియజేయండి. మా ఖాతా ప్రకారం మీ నుంచి రావలసిన నిల్వ రూ. 4,20,000. జతచేసిన స్టేట్‌మెంట్ మీద సంతకం, ముద్ర వేసి పంపండి.’

ఈ ఉత్తరం డబ్బును నేరుగా అడగలేదు, తేదీని అడిగింది. తేదీ ఇవ్వడం తేలిక, ఇచ్చాక తప్పడం కష్టం. తప్పితే తర్వాతి ఉత్తరానికి మొదటి వాక్యం దొరికినట్టే.

చివర అడిగిన సంతకం మామూలు లెక్కల తంతులా కనిపిస్తుంది. కంపెనీల ఆడిటర్లు ఏటా అడిగే బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ కూడా ఇదే కాబట్టి ఎవరూ అనుమానించరు. కానీ దానికి చట్టంలో బరువుంది. బాకీ కోసం దావా వేయడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం మూడేళ్లు ఇస్తుంది. ఆ మూడేళ్లు దాటకముందే బాకీ ఉన్నట్టు పార్టీ రాతలో ఒప్పుకుని సంతకం చేస్తే, ఆ సంతకం రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. సరఫరాదారు ఎన్ని రిమైండర్లు రాసినా ఆ గడువు ఒక్క రోజు కూడా పెరగదు. పెంచగలిగేది ఎదుటివారి రాతే.

జవాబు ఫోన్‌లో వచ్చింది. పర్చేజ్ మేనేజర్ మాట్లాడారు. కొన్ని పెట్టెలు చెమ్మగా వచ్చాయన్నారు. సరుకు దిగి ఏడు వారాలైంది.

ఇలాంటి ఫిర్యాదు పుట్టే సమయం ఇదే. దాన్ని ఎదుర్కోవడంలోనే గొంతు అదుపు తప్పుతుంటుంది. ‘ఇన్నాళ్లూ ఏం చేశారు’ అని నిలదీయాలనిపిస్తుంది. ఆవిడ నిలదీయలేదు. అదే రోజు సాయంత్రం మెయిల్ పెట్టారు: ‘ఫోన్‌లో మీరు చెప్పిన పెట్టెల సంఖ్య, ఫోటోలు పంపండి. మా మనిషి వచ్చి చూస్తాడు. ఆ పెట్టెలు పోను మిగిలిన మొత్తానికి అభ్యంతరం లేదు కాబట్టి దాన్ని ఆపకండి.’ ఫోన్‌లో నడిచిన మాట ఆ విధంగా కాగితమ్మీదకు వచ్చింది. సరుకు అందిన 15 రోజుల్లోగా రాతపూర్వక అభ్యంతరం రాకపోతే, సరుకు అందిన రోజే దాన్ని ఆమోదించినట్టని చట్టం అంటుంది. ఆ లెక్కన జూన్ 18తో కంపెనీకి ఆ అవకాశం పోయింది. ఈ మెయిల్‌లో ఆవిడ ఆ సంగతి ఎత్తలేదు. ఫిర్యాదు నిజమే అయితే పార్టీని పోగొట్టుకోవడం నష్టం. అబద్ధమైతే ఫోటోలు రావు.

ఫోటోలు రాలేదు. ఆగస్టు 3న మాత్రం లక్ష రూపాయలు జమ అయ్యాయి. బాకీ 3,20,000కు దిగింది. కొంత డబ్బు రావడం శుభవార్తే అయినా రిమైండర్లకు ప్రమాదకరమైన మలుపు. లక్ష వచ్చిన సంతోషంలో చాలామంది మళ్లీ మొదటి మెట్టుకు దిగిపోయి, ‘థాంక్యూ సార్, మిగతాది కూడా చూడండి’ అంటారు. వరుస అక్కడ తెగిపోతుంది. లక్ష అందినట్టు వెంటనే ఒక వాక్యంలో రాసి, తేదీల వరుసను అలాగే ముందుకు నడపాలి.

నాలుగో ఉత్తరం ఆగస్టు 12న, లెటర్‌హెడ్ మీద, కంపెనీ డైరెక్టర్ పేరున వెళ్లింది. అప్పటిదాకా అకౌంట్స్ గదిలో తిరిగిన సంగతి ఇప్పుడు యజమాని బల్ల మీదకు చేరింది. చాలా కంపెనీల్లో యజమానికి ఈ బాకీ ఉన్నట్టే తెలియదు. అందుకే ఈ ఉత్తరం కింది ఉద్యోగుల మీద ఫిర్యాదులా ఉండకూడదు. ఎవరి పేరూ లేకుండా, తేదీల పట్టికలా ఉండాలి.

‘సరుకు అందింది: జూన్ 3. గడువు: జులై 3. మేం రాసినవి: జూన్ 28, జులై 8, జులై 22. అందినది: ఆగస్టు 3న రూ. 1,00,000. మిగిలిన రూ. 3,20,000 మీ కంపెనీ ఆగస్టు 26లోగా చెల్లించాలి. మాది ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ తయారీ సంస్థ. గడువు దాటిన మొత్తాలకు ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం 16వ సెక్షన్ కింద వడ్డీ వర్తిస్తుంది. ఈ బాకీ తీరేవరకు కొత్త ఆర్డర్లను అడ్వాన్సు మీదే పంపగలం.’

‘మేం కోర్టుకు వెళ్తాం’ అని ఇందులో లేదు, ‘వడ్డీ వర్తిస్తుంది’ అని ఉంది. మొదటిది బెదిరింపు, రెండోది సమాచారం. సమాచారాన్ని డైరెక్టర్ తన చార్టర్డ్ అకౌంటెంట్‌కు చూపిస్తాడు. అక్కడ ఇంకో లెక్క కదులుతుంది. 2023 ఫైనాన్స్ చట్టం ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) అనే నిబంధనను చేర్చింది. దాని ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు ఇవ్వాల్సిన డబ్బును ఆ గడువు దాటించి, ఆర్థిక సంవత్సరం ముగిసేదాకా చెల్లించకపోతే, ఆ ఏడాది ఖర్చుగా చూపుకోవడానికి వీల్లేదు. చెల్లించిన ఏడాదిలోనే చూపుకోవాలి. మన ఉదాహరణలో మార్చి ఇంకా దూరం. ఫిబ్రవరి నెలలో రాసే ఉత్తరమైతే ఆ ఒక్క వాక్యమే పని చేయవచ్చు.

ఇక్కడ జాగ్రత్త అవసరం. ఈ రక్షణ అందరికీ లేదు. మధ్యతరహా సంస్థలకు ఈ వడ్డీ నిబంధన వర్తించదు. పెట్టెలు తయారుచేయకుండా కొని అమ్మే వ్యాపారికి ఉద్యమ్ నంబరు దొరికినా అది బ్యాంకు రుణాల కోసమే, ఈ వసూలు కోసం కాదు. సరుకు పంపాక రిజిస్ట్రేషన్ చేసుకున్నవారు పాత బిల్లుల మీద వివాదాన్ని కొనితెచ్చుకుంటారు. వర్తించని చట్టాన్ని ఉత్తరంలో రాస్తే, ఎదుటి అకౌంటెంట్ దాన్ని ఒక్క నిమిషంలో పట్టుకుంటాడు. ఆ తర్వాతి ఉత్తరాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఆగస్టు 26 కూడా దాటింది. చివరి నోటీసుకు ముందు వడ్డీ లెక్క వేయాలి. చట్టం చెప్పే రేటు రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలకోసారి అసలులో కలుపుతూ చక్రవడ్డీ. 2024లో ఆ రోజులకు బ్యాంకు రేటు 6.75 శాతం. మూడు రెట్లు 20.25 శాతం, నెలకు 1.6875 శాతం. జులై 4 నుంచి ఆగస్టు 3 వరకు 4,20,000 మీద 7,087 రూపాయల 50 పైసలు. లక్ష పోగా మిగిలిన 3,20,000కు ఆ వడ్డీ కలిపి, సెప్టెంబరు 3 వరకు రెండో నెల లెక్కిస్తే 5,519 రూపాయల 60 పైసలు. రెండూ కలిపి సుమారు 12,607. పెద్ద మొత్తమేమీ కాదు. కానీ పైసలతో సహా వేసిన లెక్కను చూస్తే, రాసినవాళ్లు ఊరికే రాయలేదని అర్థమవుతుంది.

సెప్టెంబరు 4న వెళ్లిన నోటీసు అన్నిటికన్నా పొట్టిది. అక్నాలెడ్జ్‌మెంట్ ఉన్న రిజిస్టర్డ్ పోస్టులో వెళ్లింది, మెయిల్‌లోనూ వెళ్లింది. ఆ రిజిస్టర్డ్ సేవను తపాలా శాఖ 2025లో స్పీడ్ పోస్టులో కలిపేసింది. ఇప్పుడైతే డెలివరీ రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపాలి.

‘అసలు రూ. 3,20,000, సెప్టెంబరు 3 వరకు వడ్డీ రూ. 12,607, మొత్తం రూ. 3,32,607. సెప్టెంబరు 19లోగా చెల్లించాలి. లేనిపక్షంలో 18వ సెక్షన్ కింద ఎంఎస్ఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు దరఖాస్తు చేస్తాం.’

ఇందులో ఒక్క విశేషణం కూడా లేదు. ‘ఎంతో ఓపికతో’ లేదు, ‘బాధ్యతారాహిత్యం’ లేదు, ‘దయచేసి’ కూడా లేదు. ఏడాది తర్వాత చదివే రెండో మనిషి కోసం రాసిన ఉత్తరం ఇది. కౌన్సిల్ దరఖాస్తును ఆ రోజుల్లో, కేంద్ర ప్రభుత్వం 2017లో తెరిచిన సమాధాన్ పోర్టల్ ద్వారా పెట్టేవారు. కౌన్సిల్ ముందు రాజీకి ప్రయత్నిస్తుంది, కుదరకపోతే ఆర్బిట్రేషన్‌కు వెళ్తుంది. 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా, అంతకన్నా ఎక్కువ కాలమే పడుతుంటుంది. అయినా పెద్ద పార్టీలు దీన్ని తేలిగ్గా తీసుకోకపోవడానికి ఒక కారణం ఉంది. తీర్పును కొట్టేయమని కొనుగోలుదారు కోర్టుకెక్కాలంటే, తీర్పు మొత్తంలో 75 శాతం ముందు డిపాజిట్ చేయాలి.

కోపం వచ్చినప్పుడు రాసే రెండు వాక్యాలు ఇక్కడ కొంప ముంచుతాయి. మొదటిది ‘మీ మీద క్రిమినల్ కేసు పెడతాం’. డబ్బు ఆలస్యం చేయడం దానంతటదే నేరం కాదు, ఆ బెదిరింపు రాసినవాళ్లకే ఎదురు తిరగవచ్చు. రెండోది పార్టీకి కాకుండా వ్యాపారుల వాట్సాప్ గ్రూపులో పెట్టే ‘ఫలానా కంపెనీతో జాగ్రత్త, మోసగాళ్లు’. అసలు బాకీ పక్కకు పోయి పరువునష్టం వివాదం మొదలవుతుంది.

ఈ మెట్లన్నీ పనికిరాని సందర్భం ఒకటుంది. పార్టీ ఇచ్చిన చెక్కు బౌన్సయితే మర్యాదగా ఒక్కో ఉత్తరమూ రాస్తూ కూర్చోకూడదు. చెక్కు వెనక్కి వచ్చినట్టు బ్యాంకు తెలిపిన 30 రోజుల్లోగా రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. అది అందాక చెల్లించడానికి పార్టీకి 15 రోజులుంటాయి. ఆ 30 రోజులూ రిమైండర్లకే ఖర్చుపెడితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద ఆ నోటీసు ఇచ్చే దారి మూసుకుపోతుంది.

చర్లపల్లి కథలో సెప్టెంబరు 17న డైరెక్టర్ స్వయంగా ఫోన్ చేశారు. ‘అమ్మా, అసలు మొత్తం ఇవాళే వేయిస్తాను, వడ్డీ సంగతి వదిలేయండి’ అన్నారు. సాయంత్రానికి 3,20,000 జమ అయ్యాయి. కౌన్సిల్ దాకా వెళ్తే వడ్డీ రావచ్చు గానీ, ఏటా మూడు నాలుగు ఆర్డర్లిచ్చే పార్టీ పోవచ్చు. 12,607 రూపాయలకు ఆ బేరం ఎంతవరకు గిట్టుబాటో ఆవిడ తేల్చుకోవాలి. వదులుకోదలిస్తే ‘పూర్తిగా ముట్టింది’ అని రాస్తే సరి. తేల్చుకోకముందే ఆ మాట రాస్తే వడ్డీ అడగడానికి ఇక నోరుండదు.

ఆవిడ రెండు రోజులు ఆలోచించి ఆరో ఉత్తరం రాశారు. క్రియలు మళ్లీ మొదటి మెట్టుకు దిగాయి: ‘రూ. 3,20,000 అందింది, ధన్యవాదాలు. ఈ బిల్లు మీద వడ్డీని మేం అడగడం లేదు. తర్వాతి ఆర్డరు నుంచి సగం అడ్వాన్సు, మిగతాది సరుకు అందిన 15 రోజుల్లో. సమ్మతమైతే పర్చేజ్ ఆర్డరులో అలాగే రాసి పంపగలరు.’